ఉద్యోగం పోయిన మనిషి ఎదురైతే ఏం మాట్లాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట వాడకట్టుల్లో హైదరాబాద్‌లో పనిచేసే పిల్లలు లేని వీధి తక్కువ. వాళ్లు శనివారం రైలెక్కి వస్తారు, ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లిపోతారు. అలాంటి మనిషి మంగళవారం పొద్దున పాల ప్యాకెట్ పట్టుకుని వీధిలో కనబడితే ఎవరూ చెప్పకపోయినా సంగతి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎదురుపడ్డప్పుడు నోట ఏ మాట రావాలన్నదే ఇబ్బంది. నియామకాల విభాగంలో పనిచేసిన రోజుల్లో బల్లకు అవతలి వైపు కూర్చున్నవాళ్ల మాటలు చాలా విన్నాను. ఇంటికి వచ్చాక బంధువులు అన్న మాటలే వాళ్లకు ఎక్కువ గుర్తుండేవి. ఆ మొదటి కలయిక గురించి మా వైపు వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

విషయం వేరేవాళ్ల ద్వారా తెలిసింది. ఆయన నాకు చెప్పలేదు. తెలిసినట్టు మాట్లాడొచ్చా?

ఇద్దరే ఉన్నప్పుడైతే మాట్లాడొచ్చు. తెలిసి కూడా తెలియనట్టు నటిస్తే ఆయనకు ఇట్టే అర్థమవుతుంది. అప్పుడు ఆయన కూడా నటించాలి, సెలవు మీద వచ్చానని ఒక అబద్ధం చెప్పాలి. వచ్చే నెల మళ్లీ కలిసినప్పుడు ఆ అబద్ధాన్ని కాపాడుకోవాలి. ఆ బరువు ఆయన మీద పెట్టకండి. "విన్న తమ్మీ. మనసుకు కష్టమనిపించింది" అంటే చాలు. ఎవరు చెప్పారని ఆయన అడిగితే దాచకండి, ఉన్న పేరు చెప్పండి.

పదిమందిలో ఉన్నప్పుడు మాత్రం మీరుగా ఆ ఊసు ఎత్తొద్దు. అక్కడున్న వాళ్లందరికీ తెలుసని మీకు అనిపించినా సరే.

ఇంకో సంగతి కూడా గమనించాలి. కంపెనీలు చాలాసార్లు "మీరే రాజీనామా ఇవ్వండి" అని అడుగుతాయి. అలా ఇస్తే రిలీవింగ్ లెటర్ మీద మచ్చ ఉండదు, రేపు కొత్త కంపెనీ పాత ఉద్యోగం గురించి ఆరా తీసినప్పుడు ఇబ్బంది రాదు. అందుకే ఆయన "రిజైన్ చేసిన" అంటే అది కాగితం మీద నిజమే కావచ్చు. "నువ్వే మానేసినవా, వాళ్లే తీసిండ్రా?" అని తవ్వకండి. ఆయన ఏ మాట వాడితే మీరూ అదే మాట వాడండి.

మొదటి మాట ఏమనాలి? నాకు నోరు పెగలదు.

మామూలుగా పలకరించే మాటతోనే మొదలుపెట్టండి. "ఎప్పుడచ్చినవ్? తిన్నవా?" అని మన దగ్గర అడిగే మాట ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఉద్యోగం ఉన్నప్పుడూ మీరు అదే అడిగారు. మనిషి మీద మీ చూపు మారలేదని ఆయనకు తెలిసేది దాంతోనే. ఆ తర్వాత ఒక్క వాక్యంలో విషయం ఒప్పుకుని ఆగండి. ఆ ఆగడమే కష్టం. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే మనకు కంగారు పుట్టి సలహాలు మొదలుపెడతాం. పది క్షణాలు ఓపిక పడితే ఆయనే మాట్లాడతారు, లేదా మాట మార్చేస్తారు. మాట మార్చారంటే ఆ రోజుకు వద్దని అర్థం, మీరూ వెంట నడవండి.

ఫంక్షన్లో ఎదురైతే? అక్కడ అందరూ "ఏం చేస్తున్నవ్" అనే అడుగుతరు కదా.

మన వైపు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక సందర్భం అనుకుందాం. కాజీపేటలో గృహప్రవేశం. వచ్చినవాళ్లలో మీ చిన్నమ్మ కొడుకు ఉన్నాడు. ముప్పై ఆరేళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీముకు లీడ్‌గా చేసేవాడు. ఇద్దరు పిల్లలు, ఫ్లాటు మీద లోను. ఉద్యోగం పోయి మూడు వారాలైంది. షామియానా కింద ఓ మూల కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

మీరు వెళ్లి పక్క కుర్చీలో కూర్చున్నారు. అప్పుడే ఒక పెద్దాయన వచ్చి అందరికీ వినబడేలా అన్నాడు: "ఏందిరా, వారం రోజుల సంది ఈడనే కనబడుతున్నవ్. వర్క్ ఫ్రమ్ హోమా?" పెద్దాయనకు చెడు ఉద్దేశం లేదు, తెలియదంతే. ఇప్పుడు మీ తమ్ముడి బదులు మీరు జవాబు చెప్పకండి. "అవును కాకా, వర్క్ ఫ్రమ్ హోమే" అన్నా తప్పే, అసలు సంగతి చెప్పినా తప్పే. మాటను అక్కడి నుంచి తప్పించడమే మీరు చేయగలిగింది: "కాకా, బంతి లేస్తున్నదట, నడువుండ్రి, మల్ల జాగ దొరకది." పెద్దాయన లేస్తాడు. మీ తమ్ముడికి మీరేం చేశారో తెలుస్తుంది. దాని గురించి తర్వాత ఎత్తాల్సిన పనే లేదు.

భోజనాలయ్యాక బండ్లు పెట్టిన చోటికి నడుస్తూ, ఇద్దరే ఉన్నప్పుడు అనండి: "చిన్నమ్మ చెప్పింది తమ్మీ. బాధనిపించింది. ఇప్పుడు మాట్లాడబుద్ధి కాకుంటే వద్దు." పక్కపక్కన నడుస్తూ మాట్లాడటం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడటం కంటే సులువు. కళ్లల్లో కళ్లు పెట్టి చూడాల్సిన అవసరం ఉండదు.

అతను అన్నాడు: "ముప్పై మంది టీములకెల్లి పన్నెండు మందిని తీసిండ్రన్నా. పావుగంట కాల్. హెచ్ఆర్ ఆమె ఏదో సదివింది. కాల్ అయిపోంగనే లాప్‌టాప్ లాక్ అయింది."

ఇక్కడ మన నోటికి వచ్చే మాటలు "పోనీలే, ఇంతకన్న మంచిది దొరుకుతది" లేదా "గా పన్నెండు మందిల నిన్నెందుకు పెట్టిండ్రు?" మొదటిది అతను చెప్పబోయే మాటకు మూత పెడుతుంది, రెండోది అతన్ని నేరం చేసినవాడిలా నిలబెడుతుంది. ఆ రెండూ కాకుండా అతని మాటలోంచే ఒక ముక్క తీసి తిరిగి అడగండి: "పావుగంటలనేనా?" అంతే. అతను ఇక ఆగకుండా చెప్పుకుపోతాడు. ఆ మెయిల్ ఎప్పుడొచ్చిందో, డెస్కు మీది సామాను కొరియర్లో పంపిస్తామన్నారని, పిల్లలకు ఏం చెప్పాలో తెలియడం లేదని. ఇందులో మీరు తీర్చగలిగింది ఏదీ లేదు, తీర్చాల్సిన పని కూడా లేదు.

విడిపోయే ముందు ఒక్క సాయం చేస్తానని చెప్పండి, అదీ అనుమతి తీసుకుని: "మా బావమరిది గచ్చిబౌలిల బ్యాంకు సాఫ్ట్‌వేర్లు చేసే కంపెనీల చేస్తడు. నీ సంగతి చెప్పమంటవా? నువ్వు వద్దంటే చెప్ప." సరే అంటే గడువు మీరే పెట్టుకోండి: "గురువారం సాయంత్రం ఫోన్ చేస్త. పనైనా చెప్త, కాకున్నా చెప్త." గురువారం నిజంగా చేయండి. ఏమీ తేలకపోతే "ఆయనను అడిగిన, ఇప్పుడు వాళ్ల దగ్గర తీసుకుంటలేరట" అని చెప్పండి. ఉద్యోగం పోయినవాళ్లు ఎదురుచూసే ఫోన్లలో చాలావరకు రావు. కాబట్టి వస్తానన్న రోజున వచ్చిన ఫోన్, అందులో కబురు లేకపోయినా, వాళ్లకు లెక్కలోకి వస్తుంది.

"రెజ్యూమ్ పంపు, చూస్తా" అనడం మంచిదే కదా?

ఈ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. వందకు తొంభై సార్లు అది సంభాషణ ముగించడానికే పనికొస్తుంది. అతను ఆ రాత్రే పంపుతాడు. మీరు వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెడతారు. తర్వాత ఏమీ ఉండదు. మీరెవరికి పంపారో, అసలు పంపారో లేదో అతనికి తెలియదు. అడగడానికి మొహమాటం. రెండు వారాల తర్వాత మీరు ఎదురైతే అతనే పక్క సందులోకి తిరుగుతాడు.

నిజంగా సాయం చేయాలనుకుంటే మూడు విషయాలు అడిగి రాసుకోండి: ఏ పని, ఎన్నేళ్ల అనుభవం, ఏ ఊళ్లలో చేయడానికి సిద్ధం. ఎప్పుడు చేరగలరన్నది అడగక్కర్లేదు, వెంటనే చేరగలరు. చాలా కంపెనీలు అరవై, తొంభై రోజుల నోటీసు ఉన్నవాళ్లతో విసిగిపోయి ఉంటాయి కాబట్టి అది ఆయనకు కలిసొచ్చే విషయం, మీరు ఎవరికి చెప్పినా ముందు అదే చెప్పండి. మీకు తెలిసినవాళ్లు రిఫరల్ ఇవ్వాలంటే ఉత్త రెజ్యూమ్ సరిపోదు. ఆ కంపెనీ సైట్లో ఉన్న ఫలానా ఉద్యోగం నంబరు కావాలి. ఆ నంబరు వెతికి పెట్టడం అతను చేసుకోగలిగిన పని, ఆ పని అతనికే వదిలేయండి. మీ వంతు ఆ ఇద్దరినీ కలపడం.

"నాకు పెద్దవాళ్లెవరూ తెలియదు, నేనేం చేయగలను" అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. అమెరికాలో బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికవేత్త ఉద్యోగం మారినవాళ్లను అడిగి చూశాడు, 1973లో ఆ వివరాలు అచ్చేశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఆ పరిచయస్తుణ్ని తరచూ కలిసేవాళ్లు ఆరుగురిలో ఒక్కరే. మిగతావాళ్లకు కబురు చెప్పింది ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లు. కారణం కష్టమైనదేం కాదు. దగ్గరివాళ్లకు తెలిసిన కబుర్లు మనకూ ముందే తెలిసి ఉంటాయి, దూరపువాళ్ల దగ్గరే కొత్తవి ఉంటాయి. అది వేరే దేశం, వేరే కాలం. కానీ ఇక్కడి నియామకాల్లోనూ నేను చూసింది దానికి దగ్గరగానే ఉంది. పాత ఇంట్లో కిరాయికున్నవాళ్ల కొడుకు, ఇంటర్‌లో పక్క బెంచీవాడు, ఇలాంటివాళ్ల దగ్గర్నుంచే కబురు వస్తుంది.

ఏ మాటలు అస్సలు అనకూడదు?

"అంతా మన మంచికే" అనకండి. అది ఆయన అనుకోవాల్సిన మాట, అదీ కొన్నాళ్లకు. ఫలానా వాళ్లబ్బాయికి రెండు నెలల్లోనే దొరికిందని చెప్పకండి. ధైర్యం చెబుతున్నామని మనమనుకుంటాం, ఆయన చెవికి మాత్రం అది గడువులా వినిపిస్తుంది. "గవర్నమెంట్ నౌకరికి ప్రిపేర్ కావాలని అప్పుడే చెప్పిన" అనే మాట మన దగ్గర మరీ ఎక్కువ. అశోక్‌నగర్ కోచింగుల దాకా వెళ్లి ఏళ్లు గడిపిన పిల్లలు ప్రతి ఇంటా ఉన్నారు, ఆ దారి ఎంత పొడుగో ఆయనకు మీ కంటే బాగా తెలుసు.

"మరి ఇప్పుడేం ప్లాన్?" అన్న ప్రశ్న చూడటానికి నెమ్మదిగానే ఉంటుంది. మొదటి నెలలో ఎవరికీ ప్లాన్ ఉండదు. ఇంట్లో, ఫోన్లో, గుడి దగ్గర ఆ ప్రశ్న ఇప్పటికే చాలామంది అడిగి ఉంటారు.

ఉద్యోగం పోయింది ఆడపిల్లకైతే?

అన్నీ పైవే వర్తిస్తాయి. ఒకటి మాత్రం వేరుగా చెప్పాలి. "పోనీ బిడ్డా, ఇగ పిల్లలను చూసుకుంట ఇంట్ల ఉండరాదు" అనే మాట ఓదార్పుగానే వస్తుంది, కానీ ఆమె పోగొట్టుకున్నది పోగొట్టుకోదగ్గదే అన్నట్టు తేలుతుంది. ఆమె జీతం మీద ఇల్లు నడుస్తోందా లేదా అన్న లెక్క కూడా మీరు వేయకండి. మగవాడినైతే ఏం అడుగుతారో ఆమెనూ అదే అడగండి: ఏ పని, ఏ ఊరు, ఎవరికి చెప్పమంటవు.

డబ్బుల గురించి అడగొచ్చా?

జీతం ఎంత వచ్చేది, ఎంత దాచావు అన్నవి అడగొద్దు. ఇవ్వగలిగి ఉంటే మాత్రం ఎంతో, ఎప్పటిదాకానో చెప్పి అడగండి: "నా దగ్గర ఇరవై వేలున్నయి, దసరా దాకా నాకు పని లేదు. కావాలంటే చెప్పు." "ఏమన్న అవసరముంటే అడుగు" అంటే ఎవరూ అడగరు. ఇవ్వలేకపోతే ఆ ఊసే వద్దు.

అప్పు కాకుండా చెప్పదగ్గ ముఖ్యమైన మాట ఒకటుంది, ఆయన వినే స్థితిలో ఉంటేనే. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్నల పేర్లు కూడా ఉంటే వాళ్లకూ ఆగిపోతుంది. ఇంట్లో షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లుంటే ఇది చిన్న సంగతి కాదు. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, కానీ అది వెంటనే అడగాలి. "అమ్మ ఇన్సూరెన్స్ కంపెనీదేనా? ఒకసారి హెచ్ఆర్‌ను అడుగు" అని ఒక్క ముక్కలో చెప్పండి. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుందన్నది చాలామందికి తెలుసు, ఆ హడావుడిలో అడగడం మరిచిపోయేవాళ్లూ ఉన్నారు.

ఆయన సాఫ్ట్‌వేర్ కాదు. షాపులోనో, ప్రైవేటు బడిలోనో, ఔట్‌సోర్సింగ్‌లోనో పోయింది. అప్పుడు?

అక్కడ చాలాసార్లు లెటరు ఉండదు, రావాల్సిన జీతం కూడా ఆగి ఉంటుంది. "రేపటి నుంచి రాకు" అంటారు, అంతే. కాబట్టి మీ మాట కూడా కొంచెం మారాలి. "ఆఖరి నెల జీతం ఇచ్చిండ్రా?" అని అడగడం ఇక్కడ తప్పు కాదు, పైగా అవసరం. ఇవ్వకపోతే హాజరు పుస్తకం ఫొటోలు, జీతం జమ అయిన బ్యాంకు పాస్‌బుక్కు, ఫోన్లో వచ్చిన మెసేజులు దాచిపెట్టమనండి. వాటితో లేబర్ ఆఫీసుకు వెళ్లాల్సి వస్తే తోడు వెళ్తానని చెప్పండి. ఒంటరిగా ఆఫీసు మెట్లెక్కడం కష్టం, ఇంకొకరు పక్కనుంటే సగం భయం పోతుంది.

వాళ్లమ్మానాన్నలు కలిస్తే ఏమనాలి?

"మీవాడు ఎట్లున్నడు?" అని అడగకండి, దానికి వాళ్ల దగ్గర జవాబు ఉండదు. "మీరెట్లున్నరు పెద్దమ్మా?" అనండి. ఊళ్లో అందరికీ కొడుకు గురించి సంజాయిషీ ఇచ్చుకుంటూ వాళ్లు అలసిపోయి ఉంటారు. వాళ్లు చెప్పింది మళ్లీ అతని దగ్గరికి మోయకండి, అతను చెప్పింది వాళ్ల దగ్గరికీ మోయకండి. పెళ్లి కాని పిల్లాడైతే సంబంధాల మాట ఈ మూడు నెలలు మీ నోట రాకుండా ఉంటే మేలు.

మూడు నెలలైంది, ఇంకా దొరకలేదు. ఇప్పుడు ఏం మాట్లాడాలి?

మొదటి వారం అందరూ వస్తారు, మూడో నెలకు ఎవరూ ఉండరు. అసలు సాయం అవసరమయ్యేది అప్పుడే.

1930 ప్రాంతంలో ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊళ్లో ఉన్న ఒక్క మిల్లూ మూతపడింది. మారీ యహోదా, ఆమె తోటి పరిశోధకులు అక్కడికి వెళ్లి ఊరంతా గమనించారు. జనానికి ఖాళీ సమయం పెరిగింది, కానీ లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్లు వీధిలో నడిచే నడక కూడా నెమ్మదించింది, మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు. ఉద్యోగం జీతంతో పాటు రోజుకు ఒక ఆకారం ఇస్తుందని, నలుగురితో కలిసే వీలిస్తుందని యహోదా తర్వాత రాసింది. వరంగల్‌లో ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు సైరన్‌తో నిద్రలేచిన ఇండ్లు, ఆ సైరన్ ఆగిపోయాక ఎలా ఉన్నాయో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

అందుకే మూడో నెలలో ఉద్యోగం కబురు అడగడం కంటే ఒక వేళ చెప్పి పిలవడం మేలు. "రేపు పొద్దున ఆరింటికి భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్త, నీ ఇంటి ముందుకెల్లే పోత, కేకేస్త" అనండి. "ఎప్పుడన్న రారాదు" అంటే రారు. ఇంకొకటి, వాళ్లకు చేతనైన పని అడగండి. మీ అమ్మాయికి ఇంటర్వ్యూ ఉంటే ఒక గంట కూర్చోబెట్టమనండి, మీ షాపు లెక్కలు కంప్యూటర్లో ఎక్కించడం నేర్పమనండి. జాలితో సృష్టించిన పని అయితే వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, నిజంగా మీకు అవసరమైనదే అడగాలి. ఎక్కువ పని అయితే డబ్బులిచ్చి చేయించుకోండి.

అనకూడని మాట అనేశాను. ఇప్పుడెలా?

ఆ రోజో మర్నాడో ఒక మెసేజు పెట్టండి: "నిన్న ఏమో తెలువక అన్న, మనసుల పెట్టుకోకు." అంతకంటే పొడుగ్గా రాస్తే ఆయనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

మనిషి మాట్లాడటమే మానేశాడు. భయమేస్తోంది.

నిద్ర పూర్తిగా పోవడం, తిండి మానేయడం, కొత్తగా తాగుడు మొదలవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకుంటే మీకే మంచిగుండు" అనడం, ఇవి కనబడితే ఉద్యోగం మాట పక్కన పెట్టండి. సూటిగా అడగండి: "సచ్చిపోదామన్న ఆలోచన వస్తున్నదా తమ్మీ?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట ఉంటుంది. అవునంటే ఆయన్ని ఒంటరిగా వదలకండి. పురుగుల మందు, మాత్రల డబ్బాల లాంటివి ఇంట్లో చేతికి అందకుండా తీసేయండి, ఇంటివాళ్లలో ఒకరికి చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నంబరు చేతిలో పెట్టి వచ్చేయకండి, పక్కన కూర్చుని మీ ఫోన్‌తోనే కలపండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మర్నాడు పొద్దున ఓపీ చీటీ మీరే రాయించి లోపలి దాకా వెంట వెళ్లండి.